తలుపు మళ్ళీ తెరుచుకున్నప్పుడు: పసితనపు అనుబంధం, పెద్దయ్యాక కాపురం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఒక పాపాయి ఏడుస్తోంది. బయటికి తీసుకెళ్ళకండమ్మా, ఫర్వాలేదు, ఇక్కడే ఎత్తుకుని కూర్చోండి. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఏడుపు గురించే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ ఏడుపు ఎలా ఆగుతుందనే దాని గురించి.

నేను పిల్లల మానసిక ఎదుగుదల గురించి పాఠాలు చెబుతాను. వారంలో రెండు రోజులు దంపతులకి కౌన్సెలింగ్ చేస్తాను. చూసేవాళ్ళకి ఇవి రెండు వేరు పనులు. నాకు మాత్రం ఒక పనిలో చూసింది రెండో పనిలో కనిపిస్తూనే ఉంటుంది. అయితే "చిన్నప్పుడు ఇలా పెరిగాడు కాబట్టి ఇప్పుడు ఇలా ఉన్నాడు" అని ఒక్క వాక్యంలో తేల్చేసే మాటలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. అసలు పరిశోధనలో ఏముందో, అది ఎంతవరకు నిలబడుతుందో ఇవాళ నెమ్మదిగా చెబుతాను.

అమెరికాలో బాల్టిమోర్ అనే ఊళ్ళో, 1960లలో, మేరీ ఐన్స్‌వర్త్ అనే ఆవిడ ఒక గది ఏర్పాటు చేసింది. రెండు కుర్చీలు, నేల మీద కొన్ని బొమ్మలు, ఒక పక్కన గదిలోంచి చూస్తే అద్దంలా, అవతలి నుంచి చూస్తే కిటికీలా ఉండే గాజు పలక. ఆ గదిలోకి సుమారు ఏడాది వయసున్న బిడ్డని, తల్లిని తీసుకొచ్చేవారు. మొత్తం 20 నిమిషాల వ్యవహారం. దీన్ని స్ట్రేంజ్ సిట్యుయేషన్ అంటారు. కొత్త చోటు పరీక్ష అనుకుందాం.

ఏం జరుగుతుందంటే, మొదట తల్లీబిడ్డలకి గది చూపించి సహాయకురాలు వెళ్ళిపోతుంది. తల్లి కుర్చీలో కూర్చుంటుంది, బిడ్డ బొమ్మల దగ్గరికి పాకుతుంది. మూడు నిమిషాలయ్యాక ఒక కొత్త మనిషి లోపలికి వస్తుంది. కాసేపు ఊరికే కూర్చుని, తల్లితో రెండు మాటలు మాట్లాడి, బిడ్డతో ఆడబోతుంది. అప్పుడు తల్లి లేచి మెల్లగా బయటికి వెళ్తుంది. మరో మూడు నిమిషాలు. తల్లి తిరిగొస్తుంది, కొత్త మనిషి వెళ్ళిపోతుంది. బిడ్డ మళ్ళీ ఆటలో పడ్డాక తల్లి ఈసారి "బై" చెప్పి వెళ్తుంది. ఇప్పుడు గదిలో బిడ్డ ఒక్కతే. ఆ తర్వాత ముందుగా వచ్చేది తల్లి కాదు, ఆ కొత్త మనిషి. చివర్న తల్లి రెండోసారి తలుపు తీసుకుని లోపలికి వస్తుంది. బిడ్డ మరీ ఏడిస్తే ఆ మూడు నిమిషాలూ ఆగకుండా ముందే ఆపేస్తారు.

ఈ వీడియోలు నా విద్యార్థులకి చూపించినప్పుడు అందరి కళ్ళూ తల్లి వెళ్ళిపోయిన క్షణం మీదే ఉంటాయి. ఏడ్చిందా, ఎంతసేపు ఏడ్చింది అని రాసుకుంటారు. ఏడ్చిన పాప తల్లికి బాగా అతుక్కుపోయిందని, ఏడవని పాప ధైర్యంగలదని అనుకుంటారు. కానీ బిడ్డ ఏ కోవకి వస్తుందో ప్రధానంగా తేల్చేది ఏడుపు కాదు. తల్లి తిరిగొచ్చిన ఆ రెండు సందర్భాలు. తలుపు తెరుచుకోగానే బిడ్డ తల్లి వైపు వస్తోందా, ఎత్తుకున్నాక అక్కడే ఉండాలనుకుంటోందా, విదిలించుకుంటోందా, ముఖం తిప్పుకుంటోందా? ఈ నాలుగింటినీ ఒకటి నుంచి ఏడు వరకు కొలతలు పెట్టి చూస్తారు. ఎడబాటు బిడ్డలో ఆందోళన పుట్టించడానికి మాత్రమే. అసలు చూడాల్సింది కలయిక.

కొందరు పిల్లలు తల్లి కనబడగానే చేతులు చాస్తారు, లేదా ఏడుస్తూనే గబగబా పాక్కుంటూ వస్తారు. ఎత్తుకుంటే ఒళ్ళు వదులు చేసి భుజం మీద వాలిపోతారు. ఒకటి రెండు నిమిషాల్లో తల తిప్పి, ఇందాక వదిలేసిన బొమ్మ ఎక్కడుందా అని చూస్తారు. ఆ తల తిప్పి చూడడం నాకు చాలా ఇష్టమైన ఘట్టం. భయం తీరింది, లోకం మళ్ళీ ఆసక్తిగా ఉంది. వీళ్ళని భరోసా ఉన్న పిల్లలు అందాం. వేరువేరు దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే సుమారు మూడింట రెండు వంతుల మంది ఈ కోవలోనే ఉన్నారు.

రెండో రకం పిల్లలు తల్లి లోపలికి రాగానే ఒకసారి చూసి, చూపు పక్కకి తిప్పేస్తారు. చేతిలో బొమ్మ ఉంటుంది, దాన్ని తిప్పుతుంటారు గానీ ఆడుతున్నట్టు ఉండదు. ఎత్తుకుంటే కిందకి దిగాలని చూస్తారు. తల్లి లేనప్పుడు కూడా పెద్దగా ఏడవరు. మన ఇళ్ళలో ఇలాంటి పిల్లాణ్ణి చూస్తే "ఎంత బుద్ధిమంతుడో, అసలు పేచీ పెట్టడు" అంటాం. అయితే 1977లో సరూఫ్, వాటర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పిల్లల గుండె వేగం కొలిచారు. పైకి నిబ్బరంగా బొమ్మ తిప్పుతున్న పిల్లవాడి గుండె గబగబా కొట్టుకుంటూనే ఉంది. మామూలుగా బిడ్డ నిజంగా ఆటలో లీనమైతే గుండె కాస్త నెమ్మదిస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. అంటే వాడికి బాధ లేదని కాదు. బాధని తల్లి దగ్గరికి తీసుకెళ్ళకుండా ఆపుకోవడం ఏడాదికే నేర్చుకున్నాడు. ఇంగ్లీషులో దీన్ని అవాయిడెంట్ అంటారు, మనం దాటుకు తిరిగే తీరు అనొచ్చు.

మూడో రకం దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. తల్లి వెళ్ళకముందే కంగారు. వెళ్ళాక పెద్ద ఏడుపు. తిరిగొచ్చి ఎత్తుకుంటే మెడ గట్టిగా పట్టుకుంటుంది, అదే నిమిషంలో వెనక్కి విరుచుకుంటుంది, ఇచ్చిన బొమ్మని విసిరేస్తుంది. కావాలి, కానీ దాంతో ఊరట దొరకడం లేదు. మూడు నిమిషాలైనా సర్దుకోదు. అతుక్కుని విదిలించుకునే తీరు ఇది. ఈ మూడింటిలోనూ ఇమడని పిల్లలు కొందరుంటారని తర్వాత మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ గుర్తించారు. తల్లి వైపు వస్తూ వస్తూ కొయ్యబారిపోవడం, వెనక్కి నడవడం లాంటివి చేస్తారు. భయమేసినప్పుడు పరుగెత్తి వెళ్ళాల్సిన మనిషే భయపెట్టే మనిషి కూడా అయినప్పుడు ఇలా కనిపించవచ్చు. అది విడిగా, జాగ్రత్తగా మాట్లాడాల్సిన విషయం. ఈ రోజు దాని జోలికి వెళ్ళను.

ఈ తేడాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఐన్స్‌వర్త్ గొప్పతనం ఆ 20 నిమిషాల పరీక్షలో కన్నా దాని ముందు చేసిన పనిలో ఉందని నా అభిప్రాయం. బాల్టిమోర్‌లో 26 కుటుంబాల ఇళ్ళకి ఆమె బృందం బిడ్డ పుట్టిన మొదటి ఏడాదంతా వెళ్ళింది. సుమారు మూడు వారాలకొకసారి, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటల దాకా కూర్చుంది. పాలు ఎలా పడుతున్నారు, ఏడిస్తే ఎంతసేపటికి వెళ్తున్నారు, ఎత్తుకున్నప్పుడు పని అయిపోవాలన్నట్టు ఎత్తుకుంటున్నారా, నింపాదిగా ఎత్తుకుంటున్నారా, అన్నీ రాసుకున్నారు. భరోసా కనబరిచిన పిల్లల తల్లులు పిల్ల సంకేతాన్ని అందుకుని త్వరగా స్పందించేవాళ్ళు. దాటుకు తిరిగే పిల్లల ఇళ్ళలో బిడ్డ దగ్గరికి రాబోయినప్పుడు నెట్టేయడం, దగ్గరికి హత్తుకోవడం నచ్చకపోవడం ఎక్కువ కనిపించింది. మూడో రకం పిల్లల ఇళ్ళలో ఒకసారి స్పందన ఉంటుంది, ఇంకోసారి ఉండదు. ఏ పూట ఎలా ఉంటుందో బిడ్డకి అంతు చిక్కదు.

ఇక్కడ మన అమ్మమ్మల కాలం నాటి మాట ఒకటి గుర్తు చేస్తాను. "ఊరికే ఎత్తుకోకు, చేతులకి అలవాటు పడుతుంది" అంటారు కదా. ఆ ఇళ్ళలో చూసింది దీనికి వ్యతిరేకంగా ఉంది. మొదటి నెలల్లో ఏడుపుకి త్వరగా స్పందించిన ఇళ్ళలో ఏడాది చివరికి పిల్లలు తక్కువ ఏడ్చారు. దీని మీద తర్వాత వాదాలు నడిచాయి, కొలిచిన పద్ధతిని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. అయినా ఎత్తుకుంటే చెడిపోతారన్న భయానికి ఆధారం దొరకలేదు.

అలాగని తల్లి ప్రతిసారీ కచ్చితంగా స్పందించాలా? అక్కర్లేదు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు తల్లీబిడ్డల ఆటని సెకన్ల లెక్కన పరిశీలించాడు. బాగా ఉన్న జంటల్లో కూడా ఇద్దరి భావాలూ ఒకే తాళంలో నడిచేది సుమారు మూడో వంతు సమయమే. మిగతాదంతా తప్పటడుగులే. బిడ్డ చూపు తిప్పుకుంటే తల్లి ఇంకా చక్కిలిగింతలు పెడుతుంటుంది, బిడ్డ విసుక్కుంటుంది, తల్లి ఆగి గొంతు తగ్గిస్తుంది, బిడ్డ మళ్ళీ చూస్తుంది. ఆ చివరి రెండు అడుగులు ఉంటే చాలు. తాళం తప్పడం మామూలు, మళ్ళీ కలుపుకోవడమే బిడ్డ నేర్చుకునే పాఠం. నేను ఈ రోజు పట్టుకున్న దారం ఇదే. పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా దీన్నే పట్టుకుని వెళ్తాను.

దానికంటే ముందు రెండు హెచ్చరికలు. మొదటిది, ఈ పేర్లు బిడ్డకి కాదు, ఒక మనిషితో ఆ బిడ్డకున్న సంబంధానికి. అదే పాప అమ్మతో ఒకలా, నాన్నతో ఇంకోలా ఉండొచ్చు. కాబట్టి "మావాడు అవాయిడెంట్" అని ముద్ర వేయడం తప్పు. రెండోది, ఆ గది అందరికీ ఒకేలా కొత్త కాదు. జపాన్‌లో సప్పోరో నగరంలో తకహాషి అనే పరిశోధకురాలు 60 మంది పిల్లలని ఇదే పద్ధతిలో పరీక్షించింది. మూడింట రెండు వంతుల మంది భరోసా ఉన్నవాళ్ళే, కానీ మిగతావాళ్ళంతా మూడో రకం, దాటుకు తిరిగేవాళ్ళు ఒక్కరూ లేరు. కారణం వెతికితే అర్థమైంది. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచి తల్లిని వదిలి ఉన్నదే చాలా తక్కువ, ఒంటరిగా గదిలో ఉన్నది దాదాపు లేదు. వాళ్ళకది చిన్న ఆందోళన కాదు, పెను ఆందోళన. అమ్మ చంకలోంచి నాన్నమ్మ చంకకి, అక్కణ్ణుంచి పక్కింటి పిన్ని చంకకి మారే మన పిల్లలకి కూడా బాల్టిమోర్ కొలతని ఉన్నదున్నట్టు పెట్టలేం.

ఇప్పుడు పెద్దవాళ్ళ దగ్గరికి వద్దాం. పసితనంలో చూసింది పెళ్ళీడుకి వచ్చాక కనిపిస్తుందా అని తెలియాలంటే ఒకటే దారి. అదే పిల్లలని 20 ఏళ్ళు వదలకుండా చూస్తూ పోవాలి. జ్ఞాపకాలు అడిగితే లాభం లేదు, ఏడాది వయసులో జరిగింది ఎవరికీ గుర్తుండదు. ఇలా చూస్తూ పోయిన అధ్యయనాల్లో బాగా పేరున్నది ఒకటి అమెరికాలోని మినసోటాలో 1975లో మొదలైంది. బైరన్ ఎగెలాండ్, అలన్ సరూఫ్ దాన్ని నడిపారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకి వచ్చే 267 మంది పేద గర్భిణులతో మొదలుపెట్టారు. చాలామంది చిన్న వయసువాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు. అంటే జీవితం నిలకడగా లేని ఇళ్ళు.

ఆ పిల్లల్లో 78 మందిని 20ల్లోకి వచ్చాక, వాళ్ళ ప్రేమ సంబంధాలతో పాటు పరిశీలించి సింప్సన్ బృందం 2007లో ఒక ఫలితం ప్రకటించింది. ఏడాది వయసులో భరోసా ఉన్న పిల్లలు, బడికి వెళ్ళిన మొదటి తరగతుల్లో తోటిపిల్లలతో బాగా కలిసిపోతారని టీచర్లు చెప్పారు. అలా కలిసిపోయిన పిల్లలకి 16 ఏళ్ళప్పుడు కష్టం చెప్పుకోగల దగ్గరి స్నేహం ఉంది. అలాంటి స్నేహం ఉన్నవాళ్ళ ప్రేమ సంబంధాల్లో 20లకి వచ్చేసరికి సంతోషం ఎక్కువ, చిరాకులు తక్కువ. ఇది గొలుసు. పసితనం నుంచి పెళ్ళి దాకా నేరుగా గీసిన గీత కాదు. మధ్యలో రెండో తరగతి ఉంది, పదో తరగతి స్నేహితుడు ఉన్నాడు. ఏ కొక్కెం దగ్గరైనా గొలుసు తెగొచ్చు, కొత్త కొక్కెం పడొచ్చు. మీ పిల్లవాడికి బడిలో ఒక మంచి నేస్తం దొరికితే, అది నాకు చాలా పెద్ద వార్త.

ఇంకో అధ్యయనం ఉంది, 2011లో వచ్చింది. నేను దంపతులతో పనిచేసే తీరు మార్చింది అదే. అదే మినసోటా పిల్లల్లో 70 మందికి పైగా, తమ ప్రేమ భాగస్వాములతో కలిసి వచ్చారు. మీ ఇద్దరి మధ్య ఎక్కువ తగాదా పెట్టే విషయం ఏదో దాన్ని మాట్లాడుకోండి అన్నారు. అది అయ్యాక, ఇప్పుడు నాలుగు నిమిషాల పాటు మీ ఇద్దరికీ కుదిరే విషయాలు మాట్లాడుకోండి అన్నారు. చూసేవాళ్ళు గొడవ ఎంత ఘాటుగా జరిగిందన్న దాన్ని కాదు, ఈ నాలుగు నిమిషాలని పట్టుకున్నారు. కొందరు ఊపిరి పీల్చుకుని నవ్వుతారు, "సరేలే, సినిమాల దగ్గర మాత్రం మనకి గొడవ లేదు" అన్నట్టు మాట మార్చగలుగుతారు. కొందరు "అది సరే గానీ, ఇందాక నువ్వన్నది..." అని మళ్ళీ పాత చోటికే వెళ్తారు. కొందరు నోరు విప్పరు.

పసివాళ్ళుగా ఉన్నప్పుడు భరోసా ఉన్నవాళ్ళు, మొత్తం మీద ఈ నాలుగు నిమిషాల్లో బాగా తేరుకున్నారు. ఒక్కసారి ఆ గది గుర్తుచేసుకోండి. అక్కడ కూడా చూసింది తల్లి తిరిగొచ్చాక బిడ్డ ఎలా తేరుకుందన్నదే. 20 ఏళ్ళ తర్వాత కూడా అదే పని కనిపించింది. గొడవ పడటంలో కాదు, గొడవ తర్వాత తిరిగి దగ్గరవడంలో.

ఆ అధ్యయనంలోనే రెండో ఫలితం ఉంది, నాకు దాని మీదే ఎక్కువ మక్కువ. పసితనంలో భరోసా లేనివాళ్ళ సంబంధాలు రెండేళ్ళ తర్వాత నిలిచాయా లేదా చూశారు. వాళ్ళ భాగస్వామి గొడవ తర్వాత త్వరగా తేరుకోగల మనిషైతే, ఆ సంబంధం నిలిచే అవకాశం ఎక్కువగా ఉంది. అంటే ఇద్దరిలో ఒకరికి చేతనైనా, ఆ పని రెండోవారికి కూడా కొంత అందుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక జంట గురించి చెబుతాను. ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. గొడవ మామూలుదే, ఊరికి డబ్బు పంపడం గురించి. ఆవిడ బాధ గొడవ గురించి కాదు. "కనీసం అరిచినా బాగుండేదండీ. గొడవ కాగానే కిందికి వెళ్ళి స్కూటర్ తుడుస్తూ కూర్చుంటారు. మూడు రోజులు మాట ఉండదు" అంది. ఆయన నిదానంగా, "గొడవ పెంచడం ఇష్టం లేకే కదా వెళ్ళేది. నాకేం కోపం లేదు" అన్నాడు. గొంతులో నిజంగానే ఏమీ లేదు. కరోనా రోజుల్లో అందరం కొనుక్కున్నాం కదా, వేలికి పెట్టుకునే ఆక్సిమీటరు, అది నా సొరుగులో ఉంది. ఒక శనివారం జరిగిన గొడవ గురించి చెబుతూ ఉండగా ఆయన వేలికి పెట్టాను. నాడి 112 చూపించింది. ఆవిడ ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. "మీకు ఏమీ అనిపించదని అనుకున్నాను" అంది.

ఆయన ఏడాది వయసులో ఎలా ఉండేవాడో నాకు తెలియదు, ఒక్క అంకెతో అది తేల్చను కూడా. నాకు కావాల్సింది గొడవ తర్వాతి అరగంట. ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ముందు ఎవరు మాట్లాడారు, రెండోవారు ఏం చేశారు అని నిమిషాల వారీగా చెప్పించాను. ఆయన పైకి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడి "పాలు పొంగుతున్నాయి" అన్నాడట. ఆవిడ "నాకు కనబడుతోందిలెండి" అంది. అంతే, మళ్ళీ మూడు రోజులు. పాల గురించి ఆయనన్న ఆ మాట నిజానికి తిరిగి రావడమే. ఆవిడకి అలా వినబడలేదు. అంత కోపంతో ఉన్న మనిషికి అలా వినబడనందుకు ఆవిడని తప్పుపట్టలేం.

ఒప్పందం చిన్నదే చేసుకున్నాం. ఆయన కిందికి వెళ్ళొచ్చు, కానీ "అరగంటలో వస్తాను" అని చెప్పి వెళ్ళాలి, రావాలి. ఆవిడ ఆ అరగంట వెంటపడకూడదు, వచ్చాక మొదటి మాటకి ముఖం తిప్పుకోకూడదు. మొదటిసారి ఆయన 50 నిమిషాలకి వచ్చాడు. ఆవిడ ఏమీ అనలేదు, కాఫీ కప్పు ఆయన వైపు జరిపింది. మొదట్లో చాలాసార్లు తప్పారు. ఏడెనిమిది వారాలకి మూడు రోజుల మౌనం ఒక పూటకి తగ్గింది. గొడవలు తగ్గలేదు, నేను తగ్గిస్తానని చెప్పనూ లేదు.

మరి పసితనపు తీరు ఎంత బలంగా అంటుకుని ఉంటుంది? 2000లో రెండు అధ్యయనాలు పక్కపక్కనే వచ్చాయి. మధ్యతరగతి ఇళ్ళ 50 మందిని ఏడాది వయసులో చూసి, 20 ఏళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే 72 శాతం మంది, భరోసా ఉందా లేదా అన్న లెక్కలో, ఉన్నచోటే ఉన్నారు. మధ్యలో తల్లిదండ్రుల మరణం, విడాకులు, పెద్ద జబ్బు లాంటివి ఎదురైనవాళ్ళలో మారినవాళ్ళు ఎక్కువ. ఇక మినసోటా పేద పిల్లల్లో చూస్తే చెప్పుకోదగ్గ కొనసాగింపే కనబడలేదు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవని నేననుకుంటాను. ఇల్లు నిలకడగా ఉంటే తీరు కూడా నిలకడగా ఉంటుంది. ఇల్లు మారితే, జీవితం కుదిపేస్తే, తీరు కూడా మారుతుంది. ఆ తర్వాత వందలాది పిల్లలని కలిపి చూసిన లెక్కల్లో కూడా పసితనం నుంచి యవ్వనం దాకా సంబంధం బలహీనంగానే తేలింది. అందుకే ఎవరి కాపురాన్నైనా చూసి "చిన్నప్పటి లోపం" అని తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు.

ఇక మీ ప్రశ్నలు.

(సభలో ఒక యువకుడు: మేడమ్, ఆన్‌లైన్‌లో టెస్ట్ చేస్తే నాకు "అవాయిడెంట్" అని వచ్చింది. అంటే మా అమ్మ చిన్నప్పుడు నన్ను సరిగ్గా చూసుకోలేదనా?)

కాదు బాబూ. ఆ టెస్టులకి మూలం 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు డెన్వర్‌లో ఒక దినపత్రికలో వేసిన ప్రశ్నావళి. ప్రేమలో మీరు ఎలా ఉంటారో చెప్పే మూడు పేరాలిచ్చి, మీకు దగ్గరగా ఉన్నది ఎంచుకోమన్నారు. సగం మందికి పైగా భరోసా పేరా ఎంచుకున్నారు. ఆ నిష్పత్తి పసివాళ్ళ నిష్పత్తికి దగ్గరగా ఉండేసరికి రెండూ ఒకటే అని చాలామంది అనుకున్నారు. కానీ అది ఇప్పుడు నీ గురించి నువ్వు ఏమనుకుంటున్నావో చెబుతుంది. అంతవరకు పనికొస్తుంది కూడా.

మేరీ మెయిన్ బృందం తయారుచేసిన ఇంటర్వ్యూ ఒకటి ఉంది, అది వేరే రకం. చిన్నప్పుడు అమ్మతో నీ సంబంధాన్ని చెప్పే ఐదు మాటలు చెప్పమంటారు. ఒకరు "దేవత" అంటారు. సరే, అలా అనిపించిన ఒక సంఘటన చెప్పండి అంటారు. "అంటే... అందరమ్మల్లాగే, బాగా చూసుకునేది" అని ఆగిపోతారు. ఇంకొకరు "కోపం" అంటారు. "నాకు ఎనిమిదేళ్ళప్పుడు పలక పగలగొట్టానని గుమ్మం బయట నిలబెట్టింది. అప్పట్లో ఆవిడకి ఇంట్లో చాలా కష్టాలుండేవి. అయినా నాకది బాధే" అంటారు. ఆ ఇంటర్వ్యూ లెక్కలో రెండో మనిషి దగ్గరే ఎక్కువ భరోసా ఉంది. ఏం జరిగిందన్నది కాదు, జరిగినదాన్ని పొంతనగా చెప్పగలుగుతున్నారా అని చూస్తారు. తమాషా ఏంటంటే ఈ ఇంటర్వ్యూ ఫలితానికీ, ప్రశ్నావళి ఫలితానికీ పెద్దగా పొత్తు కుదరదని తర్వాత తేలింది. కాబట్టి ఫోన్‌లో వచ్చిన ఫలితం పట్టుకుని అమ్మ మీదికి వెళ్ళకు.

(ఒక తల్లి: మేడమ్, మేం అమెరికాలో ఉంటాం. పాపకి పది నెలలప్పుడు మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాం, ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. తీసుకెళ్దామని వస్తే నా దగ్గరికి రావట్లేదు. అమ్మమ్మ కొంగు వదలట్లేదు. నేను తప్పు చేశానా?)

కూర్చోండమ్మా. పాప మీ దగ్గరికి రాకపోవడం ఆమెలో లోపం కాదు. ఆమెకి ఇప్పుడు భరోసా ఇచ్చే మనిషి మీ అమ్మగారు. ఆ బంధం గట్టిగా ఉందంటే పాప బంధం కట్టుకోగలదనే అర్థం. లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లో తల్లిని చాలాకాలం చూడని పిల్లలని గమనించాడు. మొదట పెద్దగా ఏడుస్తారు, తర్వాత దిగాలుపడతారు, ఆ తర్వాత తల్లి వచ్చినా పరాయి మనిషిని చూసినట్టు చూస్తారు. చూసేవాళ్ళు ఆ చివరి దశని సర్దుకుపోయారని పొరబడేవారు. మీ పాపకి ఆసుపత్రి ఒంటరితనం లేదు, అమ్మమ్మ ఉంది, అది చాలా పెద్ద తేడా.

నేను భయపడేది జరిగినదాని గురించి కాదు, రాబోయే ఎడబాటు గురించి. మిమ్మల్ని ఇంకా పూర్తిగా ఎరగని పాపని, అమ్మమ్మ లేకుండా ఒక్కసారిగా విమానం ఎక్కించకండి. వీలైతే అమ్మగారిని కూడా కొన్ని నెలలు తీసుకెళ్ళండి. వీలుకాకపోతే ఇక్కడే సెలవు పొడిగించుకుని ఉండండి. మొదటి వారం మీరు ఎత్తుకోబోకండి, అమ్మమ్మ అన్నం పెడుతుంటే పక్కన కూర్చోండి, గిన్నె మీరు పట్టుకోండి. తర్వాత స్నానం చేయించేటప్పుడు నీళ్ళు మీరు పోయండి. పాప మీ దగ్గరికి వచ్చి మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తితే వెళ్ళనివ్వండి, అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని మీ వైపు తొంగి చూస్తుంది. అమెరికా వెళ్ళాక రాత్రిళ్ళు లేచి అమ్మమ్మ కోసం ఏడుస్తుంది, పగలు మిమ్మల్ని బాత్రూమ్‌కి కూడా వెళ్ళనివ్వకపోవచ్చు, కొట్టొచ్చు కూడా. అప్పుడు "అమ్మమ్మని మర్చిపో" అనకండి. వీడియో కాల్ చేయండి, అమ్మమ్మ చీర ఒకటి పక్కలో వేయండి.

మీ అమ్మగారు కూడా వచ్చారా? ఆ చివర కూర్చున్నది ఆవిడేనా? నమస్కారమండీ. పాప ఇప్పుడు మీ ఒళ్ళో నిద్రపోతోంది కదా. లేచాక, అమ్మాయిని కూడా మీ పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పాలసీసా అమ్మాయి చేతికివ్వండి. పాప మీ ఒళ్ళోనే ఉండనివ్వండి.